క్లౌడ్‌కు నలభై అయిదేళ్లు ఎందుకు పట్టింది?

1961లో ఎంఐటీ నూరేళ్ల పండుగ సందర్భంగా జాన్ మెకార్తీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ప్రసంగం చేశాడు. టెలిఫోన్ వ్యవస్థలాగే కంప్యూటింగ్ కూడా ఏదో ఒకనాడు ప్రజలందరికీ అందే సేవ కావచ్చని ఆయన అన్నాడు. అంటే యంత్రం ఎవరో నడుపుతారు, మనం వాడుకున్న మేరకు డబ్బు కడతాం. నేడు పబ్లిక్ క్లౌడ్ అని పిలుచుకుంటున్నది దాదాపు ఇదే. కానీ గంటకు ఇంత అని ఎవరైనా ఒక సర్వర్‌ను అద్దెకు తీసుకునే సేవగా అమెజాన్ ఈసీ2 మొదలైంది 2006 ఆగస్టులో. ఆలోచనకూ ఆచరణకూ మధ్య నలభై అయిదేళ్లు గడిచాయి.

ఆ కాలమంతా ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఒక యంత్రాన్ని పదిమందికి పంచాలంటే మొదట తేలాల్సింది ఒక్కటే. ఒకడి ప్రోగ్రామ్ మరొకడి జోలికి పోకుండా ఎవరు ఆపుతారు, ఎలా ఆపుతారు? క్లౌడ్ చరిత్రలో ఎక్కువ భాగం ఈ కాపలా చరిత్రే. ధర, మీటరు, బిల్లు దాని తర్వాతి సంగతులు.

## టైమ్‌షేరింగ్: ఒకే యంత్రం, వంతుల వారీగా

అంతకుముందు పద్ధతి ఇలా ఉండేది. ప్రోగ్రామర్ తన ప్రోగ్రామును కార్డుల మీద పంచ్ చేయించి ఆ కట్టను ఆపరేటర్‌కు ఇచ్చేవాడు. ఫలితం గంటల తర్వాతో మర్నాడో చేతికి వచ్చేది. ఒక కామా తప్పినా మళ్లీ అంత నిరీక్షణ. మనిషి సమయం కన్నా యంత్రం సమయం ఎన్నో రెట్లు ఖరీదైన రోజులవి.

ఎంఐటీలోనే ఫెర్నాండో కార్బటో బృందం దీన్ని తిరగేసింది. 1961 నవంబరులో వాళ్లు సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను ఒక ఐబీఎం 709 మీద నడిపి చూపించారు. దానికి నాలుగు టెర్మినళ్లు తగిలించారు. మనిషి కీబోర్డు మీద ఒక వాక్యం కొట్టి ఆలోచించుకునేలోపు యంత్రానికి బోలెడంత ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలో మరొకరి పని చేసి, ఆయన ఆలోచనలో పడగానే మొదటివాడి దగ్గరకు తిరిగి రావచ్చు. వంతులు తగినంత త్వరగా మారితే యంత్రం మొత్తం తనదేనని ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. టైమ్‌షేరింగ్ అంటే ఇంతే.

అయితే వంతు అయిపోయినా ప్రోగ్రామ్ తనంతట తాను యంత్రాన్ని వదలదు. వదిలించాలంటే హార్డ్‌వేర్ సాయం కావాలి. తర్వాత ఐబీఎం 7094కు మారిన సీటీఎస్ఎస్ కోసం ఆ యంత్రాన్ని ప్రత్యేకంగా మార్చారు. నిర్ణీత సమయం కాగానే ప్రోగ్రామును ఆపి నియంత్రణను పర్యవేక్షక ప్రోగ్రాముకు అప్పగించే గడియారం ఒకటి పెట్టారు. వాడకందారు ప్రోగ్రామ్ తన హద్దు దాటి మెమరీని తాకితే పట్టుకునే ఏర్పాటు మరొకటి. మెమరీ రెండు భాగాలుగా ఉండేది, ఒక్కొక్కటి 32,768 పదాలు. ఒకటి పర్యవేక్షకుడిది, రెండోది వాడకందార్లది. ఒక్కో పదానికి 36 బిట్లు కాబట్టి ఒక్కో భాగం మన లెక్కలో 144 కిలోబైట్లు. ఒకరి వంతు అయ్యాక అతని ప్రోగ్రామును మెమరీ నుంచి తీసి డ్రమ్ము మీదో డిస్కు మీదో పెట్టి, తర్వాతి వారిది లోపలికి తెచ్చేవారు. అలా ఒకేసారి ముప్ఫై మంది దాకా పనిచేసుకునేవారు.

పంచుకోవడంలో ఉండే ప్రమాదం కూడా అక్కడే బయటపడింది. కార్బటో స్వయంగా చెప్పిన ఉదంతమిది. ఒకరోజు సీటీఎస్ఎస్‌లో ఎవరు లాగిన్ అయినా ఆనాటి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా టెర్మినల్ మీద అచ్చవుతోంది. ఎవరూ దొంగతనం చేయలేదు. ఫైళ్లు దిద్దే ఎడిటర్ తన తాత్కాలిక ఫైలుకు ఎప్పుడూ ఒకే పేరు పెట్టేది. ఒక డైరెక్టరీలో ఒక్కరే పనిచేస్తారన్న ధీమాతో రాసిన ప్రోగ్రామ్ అది. ఆ రోజు ఇద్దరు నిర్వాహకులు ఒకే డైరెక్టరీలో కూర్చున్నారు. ఒకరు ప్రకటన దిద్దుతున్నారు, మరొకరు పాస్‌వర్డ్ ఫైలు దిద్దుతున్నారు. తాత్కాలిక ఫైళ్లు తారుమారయ్యాయి. హార్డ్‌వేర్ కాపలా పక్కాగా ఉన్నా, పైన ఉన్న ఉమ్మడి ఆపరేటింగ్ సిస్టమ్‌లో చిన్న పొరపాటు చాలు, అందరి గుట్టూ అందరికీ తెలిసిపోతుంది.

## మొదటి 'కంప్యూటర్ కరెంటు' ఎందుకు నిలబడలేదు

1960ల మధ్యకల్లా ఇది వ్యాపారమైంది. జనరల్ ఎలక్ట్రిక్, టైమ్‌షేర్ వంటి కంపెనీలు ఫోన్ లైను మీద టెలీటైప్ అనే టైపు యంత్రాన్ని తగిలించుకున్న వారికి కంప్యూటర్ సమయాన్ని అమ్మాయి. లైనులో ఉన్న సమయానికి ఇంత, ప్రాసెసర్ వాడిన సమయానికి ఇంత, దాచుకున్న ఫైళ్లకు ఇంత అని బిల్లు వేసేవారు. నేటి క్లౌడ్ బిల్లులో కనిపించే పద్దుల పూర్వీకులు ఇవే. వాడినంతకే చెల్లింపు అనేది 2006లో పుట్టిన ఆలోచన కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

మరి నిలబడలేదేం? చాలావరకు ధర. 1965లో డీఈసీ సంస్థ పీడీపీ-8 అనే చిన్న కంప్యూటర్‌ను సుమారు 18 వేల డాలర్లకు అమ్మకానికి పెట్టింది. లక్షల డాలర్ల మెయిన్‌ఫ్రేమ్ పక్కన అది చాలా చవక. నెలనెలా అద్దె కట్టే ప్రయోగశాలకు సొంతంగా కొనుక్కోవడం గిట్టుబాటుగా కనిపించింది. తర్వాత పర్సనల్ కంప్యూటర్ వచ్చి ఆ లెక్కను ఇంకా తేల్చిపారేసింది. దీనికి తోడు ఆనాటి టెలీటైప్ సెకనుకు పది అక్షరాలే పంపేది. ఆ వేగంతో దూరాన ఉన్న యంత్రానికి పెద్ద డేటా ఏం చేరవేస్తాం?

ఇంకో లోపం ఉంది, అది మన కథకు ముఖ్యం. టైమ్‌షేరింగ్‌లో దొరికేది ఒక ఖాతా మాత్రమే. ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లది, భాషలు వాళ్లు పెట్టినవే. సొంత యంత్రం మీద నడిచే ప్రోగ్రామును అలాగే తీసుకెళ్లి అక్కడ పెట్టడం కుదిరేది కాదు.

## వర్చువల్ మెషీన్: యంత్రానికి యంత్రం భ్రమ

ఆ ముడిని విప్పింది ఐబీఎం కేంబ్రిడ్జ్ కేంద్రంలోని ఒక చిన్న బృందం. రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో నడిపించిన సీపీ-40 వ్యవస్థ 1967 జనవరి నాటికి పనిలోకి వచ్చింది. ఒక సిస్టమ్/360 మోడల్ 40 మీద వాళ్లు పద్నాలుగు వరకు 'యంత్రాలు' నడిపారు. ఒక్కో దానిలో ఒక పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది. తాను అసలు యంత్రం మీద లేనన్న సంగతి దానికి తెలియదు.

దీని కిటుకు కొంచెం నిదానంగా చూద్దాం. ప్రాసెసర్‌కు రెండు హోదాలు ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్ పై హోదాలో, మామూలు ప్రోగ్రాములు కింది హోదాలో నడుస్తాయి. డిస్కుతో మాట్లాడటం, పరికరాలు ప్రాసెసర్‌కు పంపే కబుర్లయిన అంతరాయాలను ఆపడం వంటి ఆదేశాలు పై హోదాకే చెల్లుతాయి. కింది హోదాలో ఎవరైనా అలాంటి ఆదేశం ఇస్తే ప్రాసెసర్ ఆ పనిని ఆపి పైవాడికి ఫిర్యాదు చేస్తుంది. దీన్నే ట్రాప్ అంటారు.

సీపీ-40 చేసిందల్లా తాను ఒక్కతే పై హోదాలో కూర్చుని, అతిథి ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నింటినీ కింది హోదాలో నడపడం. అతిథి 'డిస్కు చదువు' అనగానే ట్రాప్ పడుతుంది. సీపీ-40 లేచి చూసి, ఆ అతిథికి కేటాయించిన డిస్కు భాగం నుంచి చదివి పెట్టి, ఏమీ జరగనట్టు దాన్ని మళ్లీ నడవనిస్తుంది. మామూలు లెక్కల ఆదేశాలు ఏ జోక్యమూ లేకుండా నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి కాబట్టి వేగం పెద్దగా తగ్గదు. ఇలాంటి కాపలా ప్రోగ్రామునే ఇప్పుడు హైపర్‌వైజర్ అంటున్నాం.

ఇందులో అందమైన పని విభజన ఉంది. పంచే బాధ్యత ఒక చిన్న ప్రోగ్రాముది. దాని పైన నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్క మనిషి కోసమే రాసింది అయినా సరిపోతుంది. ఉమ్మడి ఆపరేటింగ్ సిస్టమ్‌లో తలెత్తిన పాస్‌వర్డ్ తారుమారు వంటి ప్రమాదానికి చోటు చాలా తగ్గుతుంది. 1972లో ఐబీఎం ఈ పద్ధతినే వీఎం/370 పేరుతో విడుదల చేసింది.

## ఎక్స్86 పెట్టిన చిక్కు

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఒక నియమం రాశారు. యంత్రం స్థితిని మార్చే, లేదా ఆ స్థితిని బయటపెట్టే ప్రతి ఆదేశం కింది హోదాలో తప్పనిసరిగా ట్రాప్ కావాలి. అయితేనే పై పద్ధతిలో వర్చువల్ మెషీన్ కట్టవచ్చు. ప్రపంచమంతా వాడటం మొదలుపెట్టిన ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్ సరిగ్గా ఈ నియమాన్నే తప్పింది. ఇంటెల్ పెంటియం ప్రాసెసర్‌లో ఇలా దారితప్పిన ఆదేశాలు పదిహేడు ఉన్నాయని 2000లో పరిశోధకులు లెక్క తేల్చారు.

ఒక్కటి తీసుకుందాం. ఆపరేటింగ్ సిస్టమ్‌లో తరచుగా కనిపించే వరుస ఇది:

```
pushf    ; ప్రస్తుత స్థితిని దాచు
cli      ; అంతరాయాలను ఆపు
...      ; సున్నితమైన పని
popf     ; పాత స్థితిని తిరిగి తెచ్చు
```

అతిథి కింది హోదాలో ఉంది. `cli` ఇవ్వగానే ట్రాప్ పడుతుంది. హైపర్‌వైజర్ 'సరే, ఈ అతిథికి ప్రస్తుతం అంతరాయాలు పంపకూడదు' అని రాసుకుంటుంది. పని అయ్యాక `popf` వస్తుంది. అసలు ఉద్దేశం అంతరాయాలను మళ్లీ అనుమతించడం. కానీ కింది హోదాలో ఇచ్చిన `popf` ఆ ఒక్క బిట్‌ను మార్చకుండా ఊరుకుంటుంది. తప్పు చూపించదు, ట్రాప్ కూడా వేయదు. హైపర్‌వైజర్‌కు కబురే అందదు. అంతరాయాలు తెరుచుకున్నాయని అతిథి అనుకుంటుంది, ఇంకా మూసే ఉన్నాయని హైపర్‌వైజర్ అనుకుంటుంది. డిస్కు నుంచి జవాబు వచ్చినా అతిథికి చేరదు, దానికోసం ఎదురుచూస్తూ అది బిగుసుకుపోతుంది. గట్టిగా విఫలమయ్యే ఆదేశంతో బతకొచ్చు గానీ ఇలా నోరు మెదపకుండా విఫలమయ్యే దానితో కష్టం.

దీనికి మూడు పరిష్కారాలు వచ్చాయి. 1998లో మొదలైన వీఎంవేర్ కంపెనీ, అతిథి కోడ్ నడవబోయే ముందే దాన్ని చదివి, ప్రమాదకరమైన ఆదేశాలను సురక్షితమైన వాటితో మార్చే పద్ధతి పట్టుకుంది. 2003లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జెన్ అనే హైపర్‌వైజర్ ఇంకో దారి తొక్కింది. అతిథి ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్‌కోడ్‌నే మార్చి, అలాంటి చోట్ల హైపర్‌వైజర్‌ను నేరుగా పిలిచేలా చేసింది. భ్రమ కల్పించే బదులు నిజం చెప్పేసిందన్నమాట. సోర్స్‌కోడ్ అందరికీ దొరికే లినక్స్‌తో ఇది హాయిగా కుదిరింది. చివరకు 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ప్రాసెసర్‌లోనే అతిథుల కోసం ప్రత్యేక స్థితిని చేర్చి మూల లోపాన్ని సరిదిద్దాయి.

సంవత్సరాలు గమనించండి. చవకగా దొరికే మామూలు సర్వర్లను నమ్మకంగా ముక్కలు చేసే విద్య 2000ల మొదటి అయిదారేళ్లలోనే చేతికొచ్చింది. ఈసీ2 మొదలైనప్పుడు దాని కింద నడిచిన హైపర్‌వైజర్ జెన్.

## 2006: గంటకు పది సెంట్లు

మొదట 2006 మార్చిలో అమెజాన్ నుంచి ఎస్3 అనే నిల్వ సేవ వచ్చింది. ధర గిగాబైట్‌కు నెలకు 15 సెంట్లు. ఆగస్టులో ఈసీ2 వచ్చింది. ఒక వర్చువల్ మెషీన్ గంటకు 10 సెంట్లు. సుమారు 1.7 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 1.75 గిగాబైట్ల మెమరీ, 160 గిగాబైట్ల డిస్కు ఉన్న సర్వర్‌తో సమానమని చెప్పారు. `ec2-run-instances` ఆదేశంతో నిమిషాల్లో యంత్రం సిద్ధమయ్యేది, `ec2-terminate-instances` ఆదేశంతో మీటరు ఆగిపోయేది. మధ్యలో అమ్మకాల ప్రతినిధి లేడు, ఒప్పందం లేదు, ఆపరేటర్ లేడు.

దీనితో ఏం మారిందో ఒక నిజమైన ఉదాహరణ చూపిస్తుంది. 2007లో న్యూయార్క్ టైమ్స్ తన పాత సంచికల వ్యాసాలను పీడీఎఫ్‌లుగా మార్చాలనుకుంది. 4 టెరాబైట్ల స్కాన్ చిత్రాల నుంచి కోటి పది లక్షల వ్యాసాలు తయారు కావాలి. 100 యంత్రాలు తీసుకుని 24 గంటల్లో ముగించారు. లెక్క సులువే: 100 యంత్రాలు × 24 గంటలు × 10 సెంట్లు = 240 డాలర్లు. డేటా రవాణా ఖర్చు వేరు.

ఇదే పని ఒక్క యంత్రం మీద చేస్తే 2,400 గంటలు, అంటే వంద రోజులు పడుతుంది. ఖర్చు మాత్రం అదే 240 డాలర్లు. సొంతంగా వంద సర్వర్లు కొంటే ఒక్క రోజు పని తర్వాత వాటిని ఏం చేసుకోవాలి? వెయ్యి యంత్రాలను ఒక గంటా, ఒక యంత్రాన్ని వెయ్యి గంటలా, రెండింటికీ ఒకే ధర. 2009లో బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు క్లౌడ్ మీద రాసిన నివేదికలో ఎత్తిచూపిన కొత్తదనాల్లో ఇదొకటి.

అయితే లెక్కలో రెండో సగం కూడా ఉంది. ఆ పనిలో తయారైన పీడీఎఫ్‌లు 1.5 టెరాబైట్లు. మూల చిత్రాలతో కలిపి 5,500 గిగాబైట్లను ఎస్3 తొలి ధరకు అక్కడే ఉంచేస్తే నెలకు 825 డాలర్లు అవుతుంది. టైమ్స్ అలా ఉంచిందని కాదు, అంచనా కోసం చెబుతున్నాను. గణన ఒక్కసారి 240, నిల్వ ప్రతి నెలా 825. క్లౌడ్ బిల్లు చూసి నివ్వెరపోయేవాళ్లు తరచుగా లెక్క తప్పేది ఈ రెండో పద్దు దగ్గరే.

## పాత కథేనా, కొత్తదా?

క్లౌడ్ అంటే మెయిన్‌ఫ్రేమ్‌కు కొత్త పేరేనని చాలామంది అన్నారు. అందులో గట్టి పాయింటే ఉంది. పంచుకోవడం 1961 నాటిది, మీటరు 1960ల మధ్య నాటిది, వర్చువల్ మెషీన్ 1967 నాటిది. 2008లో ఒరాకిల్ అధిపతి లారీ ఎలిసన్ కూడా, మేం ఇప్పటికే చేస్తున్నదాన్నంతా క్లౌడ్ కిందికి తెచ్చేశారని ఎగతాళి చేశాడు.

అవతలి వాదనలో బర్క్‌లీ నివేదిక చూపిన తేడాలు మూడు. వాడకందారుకు కావలసినంత దొరుకుతుందన్న నమ్మకం, ముందస్తు పెట్టుబడి లేకపోవడం, గంటల లెక్కన తీసుకుని వదిలేసే వీలు. సీటీఎస్ఎస్‌లో ముప్ఫయ్యో మనిషి తర్వాత వచ్చినవాడికి చోటు లేదు, ఎందుకంటే యంత్రం ఒక్కటే. వేల యంత్రాల డేటా సెంటర్‌లో ఆ గోడ చాలా దూరం జరిగింది. పాత వాదం యంత్రాంగం విషయంలో నిజం, కొత్త వాదం వ్యాపార పద్ధతి విషయంలో నిజం అని నాకనిపిస్తుంది. ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు.

కంప్యూటింగ్‌ను కరెంటులా వాడుకునే సేవగా చూసే పోలిక మాత్రం అనుకున్నంత సరిగ్గా అతకదు. స్విచ్ ఆపితే కరెంటు మీటరు ఆగుతుంది. అద్దెకు తీసుకున్న వర్చువల్ మెషీన్ రాత్రంతా ఏ పనీ లేకుండా నడుస్తున్నా బిల్లు పడుతూనే ఉంటుంది. అది కరెంటు కన్నా అద్దె గదికి దగ్గర. మొదట్లో మీటరు గంటల లెక్కన తిరిగేది. వంద యంత్రాలను పది నిమిషాలు వాడినా వంద గంటల కింద 10 డాలర్లు కట్టాలి. 2017 అక్టోబరులో లినక్స్ యంత్రాలకు సెకన్ల లెక్క వచ్చాక, పాత ధరే అనుకున్నా అదే పనికి 1.67 డాలర్లు. 2014లో అమెజాన్ తెచ్చిన ల్యామ్డా సేవలో యంత్రం అన్న మాటే పోయింది. ప్రోగ్రామ్ నడిచిన సమయాన్ని బట్టి ధర, మొదట 100 మిల్లీసెకన్ల ముక్కల్లో, 2020 చివర నుంచి ఒక్కో మిల్లీసెకను లెక్కన. కరెంటు పోలిక సరిపోయేది ఇలాంటి సేవలకే.

విద్యుత్తుకు జ్ఞాపకం ఉండదు, డేటాకు ఉంటుంది. ఈ కంపెనీ యూనిట్ బదులు ఆ కంపెనీ యూనిట్ వాడితే బల్బుకు తేడా తెలియదు. డేటాను మాత్రం ఎత్తి మరోచోటికి తరలించాలి. తరలింపుకు సమయం పడుతుంది, తరచుగా రుసుమూ పడుతుంది.

## పక్కవాడు ఉన్నాడని ఎలా తెలుస్తుంది

యంత్రం మొత్తం తనదేనన్న భ్రమ సీటీఎస్ఎస్ కాలంలో ఎక్కడ చెదిరేదో నేడూ అక్కడే చెదురుతుంది, వంతు రావడం ఆలస్యమైనప్పుడు. అప్పటి వాడకందారు టెర్మినల్ ముందు కూర్చుని ఎదురుచూసేవాడు. ఇప్పుడు లినక్స్ అతిథి యంత్రంలో, ప్రాసెసర్ సమయం ఎలా ఖర్చవుతోందో చూపే `top` ఆదేశం ఇస్తే ఇలాంటి వరుస కనిపించవచ్చు:

```
%Cpu(s): 61.3 us,  4.2 sy,  0.0 ni,  3.1 id,  0.4 wa,  0.0 hi,  0.2 si, 30.8 st
```

చివరి `st` అంటే స్టీల్, దొంగిలించిన సమయం. అతిథికి చేయాల్సిన పని ఉంది, కానీ ఆ సమయంలో 30.8 శాతం హైపర్‌వైజర్ దానికి అసలు ప్రాసెసర్ ఇవ్వలేదు. పక్క అతిథికి ఇచ్చి ఉండొచ్చు. లేదా మీరు కొన్న రకం యంత్రానికి ఉన్న పరిమితి దాటి ఉండొచ్చు. ఖాళీ సమయాన్ని చూపే `id` 3.1 మాత్రమే ఉంది కాబట్టి, పని లేక ఆగిన సమయం కాదిది. 60 సెకన్ల ప్రాసెసర్ సమయం కావలసిన పనికి, యంత్రంలో మరే పనీ లేకపోయినా, గడియారం ప్రకారం 60 ÷ 0.692, అంటే సుమారు 87 సెకన్లు పడుతుంది. ఆ 27 సెకన్ల ఆలస్యం మీ ప్రోగ్రాములోని లోపం వల్ల వచ్చింది కాదు. యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెడితే వేరే భౌతిక సర్వర్ మీదకు వెళ్లవచ్చు, అప్పుడు `st` పడిపోతే కారణం పక్కవాడు కావచ్చు. పడిపోకపోతే మీ ప్లాన్ పరిమితిని చూసుకోవాలి. కోర్లను ఒక్కో అతిథికే విడిగా కేటాయించే రకాల్లో ఈ అంకె దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది, వాటి ధర ఎక్కువగా ఉండడానికి ఒక కారణం అదే.